తీర్మానాల ఎక్సెల్ షీట్: ట్రెజరర్ పేరుతో ఫిల్టర్ పెడితే లిఫ్ట్ ఏఎంసీ వరస కనబడలేదు, ఎందుకు?

ఫ్లాట్204_సెక్రటరీ

మాది హైదరాబాద్‌లో 96 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఏప్రిల్‌లో కొత్త కమిటీ వచ్చినప్పుడు సెక్రటరీ బాధ్యత నాకు అప్పగించారు. నెలకో మీటింగు, ఒక్కో మీటింగులో పది పదిహేను తీర్మానాలు. పాత కమిటీ హయాంలో ఏ తీర్మానం ఏమైందో ఎవరికీ తెలిసేది కాదు. అందుకే మొదటి నెల నుంచే ఎక్సెల్‌లో ఒక మాస్టర్ షీట్ పెట్టాను. మీటింగు తేదీ, నంబరు, తీర్మానం, Owner, Due, Status, Overdue, రిమార్క్స్. ఆరు మీటింగులకు 94 వరసలు అయ్యాయి. ప్రతి మీటింగుకు వారం ముందు ఒక్కొక్కరి పేరుతో ఫిల్టర్ పెట్టి, వాళ్ల పెండింగ్ పనులు వాళ్లకు వాట్సాప్‌లో పంపిస్తాను.

సెప్టెంబర్ 9 సాయంత్రం బి బ్లాక్ లిఫ్ట్ మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఒక పెద్దావిడ, ఆరేళ్ల మనవడు. నలభై నిమిషాలు. లిఫ్ట్ వాళ్లకి ఫోన్ చేస్తే, మీ ఏఎంసీ ఆగస్టు 31తోనే అయిపోయిందండీ అన్నారు.

ఏఎంసీ రెన్యువల్ తీర్మానం జులై 13 మీటింగులోనే చేశాం. షీట్‌లో నేనే టైపు చేశాను, 58వ వరసలో ఇప్పటికీ ఉంది. కానీ ఆగస్టులో ట్రెజరర్‌గారికి పంపిన లిస్టులో ఏడు పనులున్నాయి, అందులో ఇది లేదు. Overdue కాలమ్‌లో కూడా ఏమీ చూపించలేదు. షీట్‌ను నమ్ముకుని నేను నిశ్చింతగా ఉన్నాను. ఎక్కడ తప్పు జరిగిందో తెలియక రెండు వారాలుగా నిద్ర పట్టడం లేదు.

మియాపూర్_కిరణ్

ఓనర్ పేరుతో ఫిల్టర్ పెట్టాలంటే ముందు ఫ్లాట్ నంబరు కాలమ్ ఉండాలి కదండీ. మా దగ్గర 140 మంది ఓనర్లు, అందులో సగం అద్దెకిచ్చినవాళ్లే. ఓనర్, టెనెంట్ అని రెండు కాలమ్‌లు పెట్టుకోండి.

ఫ్లాట్204_సెక్రటరీ

కిరణ్ గారూ, ఫ్లాట్ ఓనర్ కాదండీ. ఆ పని ఎవరు చేయాలో వాళ్ల పేరు.

మియాపూర్_కిరణ్

ఓహో. మెయింటెనెన్స్ బాకీల షీట్ అనుకున్నాను.

అకౌంట్స్_మూర్తి

58వ వరసలో Owner గడిలో ఏముందో ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి. Overdue ఫార్ములా కూడా పెట్టండి.

ఫ్లాట్204_సెక్రటరీ

Owner: జా.సె. & ట్రెజరర్
Due: 31.08.2025
Status: Pending

```
=IF(AND(E58<TODAY(),F58="Pending"),"OVERDUE","")
```

అకౌంట్స్_మూర్తి

దొరికింది. Owner ఫిల్టర్ బాణం నొక్కి కిందకు చూడండి. "ట్రెజరర్" ఒకటి, "జా.సె. & ట్రెజరర్" ఇంకొకటి, రెండూ విడివిడిగా కనబడతాయి. మీరు మొదటిదానికే టిక్ పెట్టారు. ఎక్సెల్‌కు అవి ఇద్దరు వేర్వేరు మనుషులు.

దీనికి సులువైన మందుంది. టిక్‌లు పెట్టకుండా ఆ మెనూలోని సెర్చ్ గడిలో "ట్రెజరర్" అని టైపు చేస్తే ఆ మాట ఉన్నవన్నీ వస్తాయి. షీట్‌ను ముట్టుకోనక్కర్లేదు.

ఫ్లాట్204_సెక్రటరీ

ఇప్పుడే చూశాను. ఆ లిస్టులో "ట్రెజరర్", "ట్రెజరర్ గారు", "జా.సె. & ట్రెజరర్", "ట్రెజరర్/ప్రెసిడెంట్", "కోశాధికారి" అని ఐదు రకాలున్నాయి. అన్నీ నేను టైపు చేసినవే. కోశాధికారి అని మినిట్స్ పుస్తకం చూసి ఎక్కించినప్పుడు రాసినట్టున్నాను.

సీఎస్_సుధ

మూర్తి గారు కారణం సరిగ్గా పట్టుకున్నారు. మందు మాత్రం సగమే పనిచేస్తుంది. "ట్రెజరర్" అని వెతికితే "కోశాధికారి" రాదు. పైగా అసలు చిక్కు ఆ & గుర్తు దగ్గరే ఉంది. ఇద్దరి పేర్లు రాస్తే ఇద్దరిలో ఎవరూ చేయరు. లిఫ్ట్ విషయంలో జరిగింది అదే అయ్యుంటుంది. ట్రెజరర్‌గారు కొటేషన్లు వస్తే చెక్కు రాద్దామనుకుని ఉంటారు, జాయింట్ సెక్రటరీగారు డబ్బు వ్యవహారం ట్రెజరర్ చూసుకుంటారనుకుని ఉంటారు.

నేను పదకొండేళ్లుగా కంపెనీ సెక్రటరీగా చేస్తున్నాను. బోర్డు మీటింగుల తీర్మానాలు ఫాలో అప్ చేయడమే నా పని. నా షీట్‌లో ఒక వరసకు ఒకటే పని, ఒకటే పేరు, ఒకటే గడువు. ఒక తీర్మానంలో మూడు పనులుంటే మూడు వరసలు.

మీ జులై 13 తీర్మానం పూర్తి పాఠం పెట్టగలరా? మినిట్స్ పుస్తకంలో ఉన్నది, షీట్‌లో ఉన్నది కాదు.

ఫ్లాట్204_సెక్రటరీ

పుస్తకంలో ఇలా ఉంది: "లిఫ్టుల వార్షిక నిర్వహణ ఒప్పందం 31.08.2025తో ముగియనున్నందున, కనీసం మూడు కొటేషన్లు సేకరించి ఆగస్టు సమావేశంలో ఉంచుటకు, ఎంపికైన సంస్థకు అడ్వాన్సు చెల్లించి ఒప్పందం పునరుద్ధరించుటకు తీర్మానించడమైనది. బాధ్యులు: జాయింట్ సెక్రటరీ, ట్రెజరర్."

షీట్‌లో మాత్రం "లిఫ్ట్ ఏఎంసీ రెన్యువల్" అని మూడు ముక్కలే రాశాను.

సీఎస్_సుధ

చూడండి, ఇందులో మూడు పనులున్నాయి. ఒకటి, మూడు కొటేషన్లు తేవడం. జాయింట్ సెక్రటరీ, గడువు ఆగస్టు 5, ఎందుకంటే మీ ఆగస్టు మీటింగుకు ముందే చేతిలో ఉండాలి. రెండు, వాటిని అజెండాలో పెట్టి కమిటీ చేత ఒకదాన్ని ఎంపిక చేయించడం. అది సెక్రటరీ పని, మీది, గడువు మీటింగు రోజే. మూడు, ఒప్పందం మీద సంతకం, అడ్వాన్సు. ట్రెజరర్, గడువు ఆగస్టు 25 అనుకోండి. ఆగస్టు 31 అనేది ఒప్పందం ముగిసే తేదీ, పని గడువు కాదు. మీరు ముగిసే తేదీనే గడువుగా రాశారు. ఫార్ములా సవ్యంగా ఉన్నా అది సెప్టెంబర్ 1న అరిచేది. అప్పటికే లిఫ్ట్‌కు రక్షణ లేదు.

ముగ్గురికీ విడివిడిగా పంపి ఉంటే ఆగస్టు 6నే మొదటి వరస ఎర్రగా కనబడేది. మీ చేతిలో ఇంకా ఇరవై అయిదు రోజులు ఉండేవి.

పంచాయతీ_నరసింహ

సుధ గారి మాటకు నా ఓటు. నేను గ్రామ పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరయ్యాను. మా తీర్మానాల రిజిస్టర్‌లో ఎక్సెల్ లేదు, ఫిల్టర్ లేదు. ఎడమ మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో ఒక పేరు రాసేవాణ్ని. ఒకే పేరు. వీధి దీపాలంటే ఎలక్ట్రీషియన్ పేరు, మోటారంటే పంపు ఆపరేటర్ పేరు. రెండో పేరు రాయమని వార్డు మెంబరు అడిగితే, రాయను, నువ్వే పూచీ పడు అనేవాణ్ని. పని అయ్యాక నల్ల ఇంకుతో తేదీ వేసి కొట్టేసేవాణ్ని. పేజీలు తిప్పుతుంటే కొట్టేయని ఎరుపు ఎక్కడుందో ఇట్టే తెలిసేది.

అకౌంట్స్_మూర్తి

సరే, సెర్చ్ చేస్తే చాలన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పేర్ల సంగతికొస్తే, ఇంకో షీట్‌లో పేర్ల జాబితా రాసి, Owner కాలమ్‌కు డేటా వాలిడేషన్‌లో List పెట్టండి. అప్పుడు డ్రాప్‌డౌన్‌లో ఉన్న పేరే ఎంచుకోవాలి, "గారు" చేర్చి టైపు చేస్తే తీసుకోదు. Status కూడా అలాగే.

ఒక్క జాగ్రత్త. వాలిడేషన్ ఇక ముందు టైపు చేసేవాటినే ఆపుతుంది. ఇప్పటికే ఉన్న "కోశాధికారి"ని ఏమీ అనదు. వేరే చోట నుంచి పేస్ట్ చేసినా ఆపదు, పైగా ఆ గడిలో వాలిడేషనే ఎగిరిపోతుంది. పాతవి మీరే ఒకసారి కూర్చుని సరిచేయాలి. డేటా వాలిడేషన్ పక్కన చిన్న బాణం నొక్కితే Circle Invalid Data అని ఉంటుంది, జాబితాలో లేని గడుల చుట్టూ ఎర్ర సున్నా చుట్టి చూపిస్తుంది.

ఫ్లాట్204_సెక్రటరీ

పేరు సంగతి అర్థమైంది. మరి Overdue ఎందుకు రాలేదు? ఈ రోజు సెప్టెంబర్ 23. తేదీ దాటిపోయింది, Status కూడా Pending అనే ఉంది. ఫార్ములా ఇప్పటికీ ఖాళీగానే చూపిస్తోంది.

పద్మజ_నెల్లూరు

ఫార్ములా ఆటోమేటిక్‌గా లెక్క కట్టడం ఆగిపోయి ఉంటుంది. Formulas మెనూలో Calculation Options మాన్యువల్‌లో ఉందేమో చూడండి. మా ఆఫీసులో ఒకసారి ఇలాగే అయింది, F9 నొక్కితే వచ్చేసింది.

ఫ్లాట్204_సెక్రటరీ

ఆటోమేటిక్‌లోనే ఉందండీ. F9 నొక్కినా రాలేదు. వేరే వరసల్లో OVERDUE సరిగ్గానే వస్తోంది.

సీఎస్_సుధ

58వ వరసలో తేదీ గడికి ఎడమ వైపు అతుక్కుని ఉందా, కుడి వైపా? OVERDUE సరిగ్గా వస్తున్న వరసల్లో ఎటు ఉంది?

ఫ్లాట్204_సెక్రటరీ

58లో ఎడమకు. మిగతా చాలావాటిలో కుడికి. ఇన్నాళ్లూ గమనించనే లేదు.

సీఎస్_సుధ

అదే కారణం. మీరు 31.08.2025 అని చుక్కలతో రాశారు, మినిట్స్ పుస్తకంలో ఉన్నట్టే. మన దేశపు సెట్టింగుల్లో ఎక్సెల్ చుక్కల తేదీని తేదీగా తీసుకోదు, మామూలు అక్షరాలుగా ఉంచేస్తుంది. ఎక్సెల్‌కు తేదీ అంటే ఒక సంఖ్య. అక్షరాలనూ సంఖ్యనూ పోల్చమంటే అక్షరాలే ఎప్పుడూ పెద్దవని లెక్క వేస్తుంది. అంటే మీ ఆగస్టు 31 ఏ రోజుకారోజు TODAY() కంటే పెద్దదిగానే ఉంటుంది. పదేళ్ల తర్వాత తెరిచినా గడువు దాటదు. ఎర్రర్ కూడా రాదు, అందుకే ఎవరూ కనిపెట్టలేరు.

పరీక్ష కావాలంటే ఖాళీ గడిలో ఇది వేయండి, FALSE వస్తుంది:

```
=ISNUMBER(E58)
```

Due కాలమ్ ఫిల్టర్ బాణం నొక్కినా తెలుస్తుంది. అసలు తేదీలన్నీ 2025 కింద నెలల వారీగా మడతపెట్టి ఉంటాయి. చుక్కలవి వాటి కింద విడిగా, ఒక్కొక్కటిగా వేలాడుతుంటాయి.

ఫ్లాట్204_సెక్రటరీ

పదకొండు వేలాడుతున్నాయి. పదకొండు తీర్మానాలకు గడువు హెచ్చరికే లేదన్నమాట.

బ్లాక్‌సి_ప్రసాద్

దానికేముందండీ, Ctrl+H నొక్కి చుక్క బదులు / పెట్టి Replace All కొట్టండి. ఒక్క క్షణంలో అన్నీ తేదీలైపోతాయి.

డల్లాస్_వెంకట్

ప్రసాద్ గారూ, అది చేసి నేను దెబ్బతిన్నాను, చెప్తాను వినండి. ఇక్కడ మా ఊళ్లో ఒక చిన్న తెలుగు సంఘానికి రెండేళ్లు కార్యదర్శిగా చేశాను. ఇండియా నుంచి వచ్చిన అలవాటు కొద్దీ రోజు ముందు, నెల తర్వాత రాసేవాణ్ని. నా లాప్‌టాప్ అమెరికా సెట్టింగులో ఉంది. Replace చేసేసరికి 05.08 అన్నది మే 8 అయి కూర్చుంది. 31.08 మాత్రం 31వ నెల ఉండదు కనుక అక్షరాలుగానే మిగిలిపోయింది. సగం మారాయి, సగం మారలేదు, మారినవాటిలోనూ తప్పులే. ఆగస్టు 5న హాలు అడ్వాన్సు కట్టాలని ఉంటే షీట్ మే నుంచే ఆలస్యం అని చూపించింది.

మీ కంప్యూటర్ ఇండియా సెట్టింగులో ఉంటే ప్రసాద్ గారి పద్ధతి పనిచేస్తుంది. కానీ కమిటీలో ఇంకెవరి లాప్‌టాప్ ఎలా ఉందో తెలియదు కదా. పైగా కాలమ్ ఎంచుకోకుండా Replace All కొడితే తీర్మానాల పాఠంలోని ఫుల్‌స్టాపులన్నీ గీతలైపోతాయి.

నేను తర్వాత వాడింది Text to Columns. Due కాలమ్ ఎంచుకుని, Data మెనూలో Text to Columns, రెండు సార్లు Next, మూడో పేజీలో Date అని పెట్టి పక్కన DMY ఎంచుకుని Finish. రోజు ముందా నెల ముందా అన్నది మీరే చెబుతున్నారు కనుక కంప్యూటర్ సెట్టింగుతో పని లేదు.

బ్లాక్‌సి_ప్రసాద్

ఫుల్‌స్టాపుల సంగతి నాకు తట్టలేదు. మంచిదయ్యింది చెప్పారు.

ఫ్లాట్204_సెక్రటరీ

Text to Columns చేశాను. పదకొండూ కుడికి జరిగాయి. వెంటనే ఆరు వరసల్లో OVERDUE వచ్చింది! లిఫ్ట్ ఒకటి, మిగతా ఐదు ఏమిటో ఇప్పుడు కూర్చుని చూస్తాను.

ఈలోగా ఇంకో సందేహం. నంబరు కాలమ్‌లో నాలుగో మీటింగు ఒకటో తీర్మానం అని 4-1 కొడితే 04-Jan అని వస్తోంది. దాన్ని ఎలా ఆపాలి?

అకౌంట్స్_మూర్తి

గీతతో అంకెలు కనబడితే ఎక్సెల్ తేదీ అనుకుంటుంది. తేదీగా రాసినదాన్ని వద్దంటుంది, కానిదాన్ని తేదీ చేస్తుంది! ముందు ఒక అక్షరం పెట్టండి, M04-R01 అని. సుధ గారు చెప్పినట్టు మూడు వరసలు చేస్తే M04-R01a, b, c. నాలుగు అనకుండా 04 అంటే పదో మీటింగు వచ్చినప్పుడు కూడా వరస క్రమం చెడదు.

సీఎస్_సుధ

ఇప్పుడు ఫార్ములా కూడా మార్చుకోండి. ముందు షీట్ మొత్తాన్ని Ctrl+T తో టేబుల్ చేయండి. మీటింగుకు మీటింగుకు మధ్య "జులై సమావేశం" అని గడులు కలిపి హెడ్డింగులు పెట్టి ఉంటే తీసేయండి. మీటింగు తేదీ ప్రతి వరసలోనూ ఉండాలి, లేకపోతే ఫిల్టర్ పెట్టగానే హెడ్డింగు మాయమై ఏది ఏ మీటింగుదో తెలియదు. తర్వాత Overdue కాలమ్‌లో ఇది వేయండి:

```
=IF([@Status]="Done","",
 IF(ISNUMBER([@Due]),
 MAX(0,TODAY()-[@Due]),"CHECK DATE"))
```

ఎన్ని రోజులు దాటిందో సంఖ్య వస్తుంది. గడువు గడి ఖాళీగా ఉన్నా, చుక్కలతో రాసినా CHECK DATE అని వస్తుంది. ఖాళీ సంగతి ఎందుకంటున్నానంటే, ఎక్సెల్ ఖాళీ గడిని సున్నాగా తీసుకుంటుంది. ఆ ISNUMBER లేకుండా మా జూనియర్ ఒకమ్మాయి ఫార్ములా రాస్తే, ఒక తీర్మానం 45,853 రోజులు ఆలస్యం అని వచ్చింది. ఆ రోజు 2025 జులై 15. డైరెక్టర్‌గారు అది చూసి, మన కంపెనీ పుట్టి ఎన్నేళ్లయిందమ్మా అని అడిగారు. ఖాళీ గడి అలా గట్టిగా అరుస్తుంది, పట్టుకోవచ్చు. చుక్కల తేదీ నోరు మెదపదు, మీకు తగిలింది అదే.

పద్మజ_నెల్లూరు

నాకో అనుమానం. ఒక పని ఆగస్టులో అవలేదు, సెప్టెంబర్ మీటింగులో మళ్లీ చర్చించాం. అప్పుడు సెప్టెంబర్ కింద కొత్త వరస రాయాలా? మేం మహిళా సంఘాల సమాఖ్యలో అలాగే రాస్తున్నాం. ఒకే పని ఐదు నెలలు ఐదు సార్లు ఉంది.

ఫ్లాట్204_సెక్రటరీ

నేనూ అలాగే రాశాను పద్మజ గారూ. లిఫ్ట్ కూడా సెప్టెంబర్‌లో మళ్లీ ఒక వరస అయింది.

సీఎస్_సుధ

రాయకండి. పని అదే అయితే వరస అదే. రిమార్క్స్‌లో "14-09: ఇంకా రెండు కొటేషన్లు రావాలి" అని చేర్చండి. కొత్త వరస రాస్తే పనికి మళ్లీ పుట్టినరోజు చేసినట్టే. జులైలో మొదలైంది సెప్టెంబర్‌లో మొదలైనట్టు కనబడుతుంది, ఎంత కాలంగా నానుతోందో కమిటీకి తెలియదు. ఒకటి Done చేసి మిగతా నాలుగు మరిచిపోతే పెండింగ్ లెక్క కూడా తప్పు.

గడువు పెంచితే పాత Due మీద కొత్తది రాయకండి. Revised Due అని ఇంకో కాలమ్ పెట్టుకోండి, అది నిండి ఉన్న వరసల్లో ఫార్ములా Due బదులు దాన్ని చూడాలి, ఖాళీగా ఉన్నచోట Due నే చూడాలి. మొదటి తేదీ మాత్రం చెరపకూడదు.

తీర్మానమే మారితే మాత్రం సంగతి వేరు. జులైలో ఒక కంపెనీకి ఇద్దామని, సెప్టెంబర్‌లో వద్దు వేరే కంపెనీకి అని తీర్మానిస్తే అది కొత్త వరసే. పాతదానికి Superseded అని Status పెట్టి, రిమార్క్స్‌లో కొత్త నంబరు రాయాలి. పాత పాఠాన్ని దిద్దకూడదు, ఎందుకంటే సంతకాలు పెట్టిన మినిట్స్‌లో అలాగే ఉంది. షీట్ అన్నది గుర్తు చేసే సాధనం మాత్రమే. రేపు తగాదా వస్తే చూసేది మినిట్స్ పుస్తకాన్నే.

బ్లాక్‌సి_ప్రసాద్

ఇంకా పెద్ద చిక్కు ఉంది. "ఆదివారం ఇంటీరియర్ పనులు, డ్రిల్లింగ్ చేయరాదు" లాంటి తీర్మానాలు ఎప్పటికీ పూర్తి కావు. మా షీట్‌లో అవన్నీ రెండేళ్లుగా Pending. అలాంటివి 20 ఉన్నాయి, అవి చూసి కొత్త మెంబర్లు కమిటీ ఏ పనీ చేయట్లేదంటున్నారు.

సీఎస్_సుధ

వాటికి In force అని వేరే Status పెట్టండి. ఫార్ములాలో దాన్నీ, Superseded నీ Done లాగే ఖాళీ చేయాలి.

పంచాయతీ_నరసింహ

నేనైతే వాటిని ఆ షీట్‌లోనే ఉంచను. నియమాలు వేరు, పనులు వేరు. నియమాలకు విడిగా ఒక కాగితం తీసి నోటీసు బోర్డు మీద పెట్టాలి. పనుల పట్టీలో ఉన్న ప్రతిదీ ఏదో ఒక రోజు కొట్టేయగలిగేదై ఉండాలి.

సీఎస్_సుధ

నరసింహ గారూ, అలా విడదీస్తే మీటింగు వారీగా నంబర్లలో ఖాళీలు వస్తాయి. M03-R04 ఏమైందని ఎవరైనా అడిగితే రెండు చోట్ల వెతకాలి. ఏడాది తీర్మానాలన్నీ ఒక్క చోట ఉండాలన్నదే కదా మాస్టర్ షీట్ ఉద్దేశం.

పంచాయతీ_నరసింహ

మీరు చెప్పింది కంపెనీకి సరిపోతుందమ్మా. అపార్ట్‌మెంట్ వాళ్లు ఫోన్‌లో చూసేవాళ్లు, వరసలు ఎంత తగ్గితే అంత మేలు. నా అభిప్రాయం నాది.

అకౌంట్స్_మూర్తి

ఫిల్టర్‌తో ఇంకో ప్రమాదం ఉంది, నా చేతుల మీదుగా జరిగింది. మా కాలనీ సంఘంలో ఒకరి పేరుతో ఫిల్టర్ పెట్టి చూస్తున్నాను. ఆయన నాలుగు పనులు అయిపోయాయన్నారు. వేరే చోట వరసగా ఉన్న నాలుగు Done గడులు కాపీ చేసి, ఇక్కడ మొదటి గడిలో పేస్ట్ కొట్టాను. కనబడుతున్న వరసలు 12, 19, 33, 40. ఎక్సెల్ మాత్రం 12, 13, 14, 15లో పేస్ట్ చేసింది. దాక్కున్న మూడు వరసలు, వేరే వాళ్ల పనులు, Done అయిపోయాయి. ఫిల్టర్ తీసేదాకా నాకు తెలియదు, తీశాక కూడా గమనించలేదు. వాటర్ ట్యాంక్ శుభ్రం చేయించే పని అలా రెండు నెలలు మరుగున పడిపోయింది.

అప్పటి నుంచి ఫిల్టర్ పెట్టి ఉన్నప్పుడు కాపీ పేస్ట్ చేయను, ఒక్కొక్కటి డ్రాప్‌డౌన్‌లోనే మారుస్తాను. ఇంకా Closed On అని ఒక కాలమ్ చేర్చాను. Done అని ఉండి Closed On ఖాళీగా ఉంటే ఎవరో పొరపాటున మార్చినట్టు. మీటింగు ముందు Status లో Done, Closed On లో Blanks, ఈ రెండు ఫిల్టర్లు పెట్టి చూస్తాను. ఏమీ రాకూడదు.

డల్లాస్_వెంకట్

Closed On పక్కన ఆధారం కూడా రాయండి. చెక్కు నంబరో, బిల్లు తేదీయో, ఫోటో ఫైల్ పేరో. మా సంఘంలో "అయిపోయింది" అంటే ఒకరికి ఫోన్ చేశానని అర్థం, ఇంకొకరికి డబ్బు కట్టానని అర్థం.

మియాపూర్_కిరణ్

మొదట తప్పుగా అర్థం చేసుకున్నాను కానీ ఇప్పుడు మొత్తం చదివాను. నాదో ప్రశ్న. Owner లో మనిషి పేరు రాయాలా, పదవి రాయాలా? మా ట్రెజరర్ ఉద్యోగం మారి జూన్‌లో పుణె వెళ్లిపోయారు.

సీఎస్_సుధ

పదవి రాయండి. మనిషి మారినా వరస మారదు.

పంచాయతీ_నరసింహ

పేరు రాయాలి. పదవి సిగ్గుపడదు, మనిషి సిగ్గుపడతాడు.

అకౌంట్స్_మూర్తి

నేను పేరే రాస్తాను. మనిషి మారితే ఆ పేరుతో Pending ఫిల్టర్ పెట్టి, కొత్తవారితో కూర్చుని ఒక్కొక్కటి చదివి ఒప్పించాకే పేరు మారుస్తాను. పదవి రాస్తే కొత్తవారికి తెలియకుండానే పనులు నెత్తిన పడతాయి, వాళ్లు ఆ షీట్ తెరవనే తెరవరు.

మియాపూర్_కిరణ్

ముగ్గురూ నిజమే చెబుతున్నట్టుంది. ఇంకో మాట. అపార్ట్‌మెంట్లో ఆ కాలమ్‌కు Owner అని కాకుండా "బాధ్యత" అని పెట్టండి. నాలాంటి వాళ్లు ఇంకా ఉంటారు.

ఫ్లాట్204_సెక్రటరీ

కిరణ్ గారూ, మార్చేశాను.

శని, ఆది రెండు రోజులూ కూర్చున్నాను. ఒకే పని మళ్లీ మళ్లీ రాసినవి 17 వరసలు తేలాయి. వాటిని కలిపితే 77 మిగిలాయి. ఇద్దరు ముగ్గురి పేర్లున్నవి విడగొడితే 77 కాస్తా 89 అయ్యాయి. In force కింద తొమ్మిది వెళ్లాయి. ఇప్పుడు ట్రెజరర్‌గారి పేరుతో Pending ఫిల్టర్ పెడితే కింద స్టేటస్ బార్‌లో 11 of 89 records found అని వస్తోంది. ఆగస్టులో ఆయనకు పంపింది ఏడు.

తేదీలు సరిచేశాక బయటపడిన మిగతా ఐదింటిలో నాలుగు చిన్నవే. ఐదోది మంటలార్పే సిలిండర్ల రీఫిల్, ఆగస్టు 20కి కావాల్సింది. సాయంత్రం కిందకు వెళ్లి సెల్లార్‌లో ఉన్న సిలిండర్ ట్యాగు చూశాను, గడువు దాటిపోయింది. రేపు ఉదయం ఏజెన్సీ వాళ్లు వస్తున్నారు. లిఫ్ట్ ఒప్పందం మీద శుక్రవారం సంతకాలయ్యాయి. నాలుగో అంతస్తు పెద్దావిడ ఇంకా మెట్లెక్కే వస్తున్నారు, లిఫ్ట్ ఎక్కనంటున్నారు.

పద్మజ_నెల్లూరు

మా సమాఖ్య షీట్‌లో కూడా చూశాను సుధ గారూ. Due కాలమ్‌లో చుక్కలవి నాలుగు, మొత్తం ఖాళీగా ఉన్నవి ఇరవై ఆరు. ఆ ఇరవై ఆరింటికి మీటింగులో గడువే పెట్టలేదు. ఇప్పుడు నేనే ఒక తేదీ వేసేయవచ్చా, లేక మళ్లీ మీటింగులో పెట్టాలా?

సీఎస్_సుధ

మీరు వేయకండి. ఆ ఇరవై ఆరూ CHECK DATE అని ఫిల్టర్ చేసి, ప్రింటు తీసి, వచ్చే మీటింగులో మొదటి అంశంగా పెట్టండి. ఎవరి పని వాళ్ల నోటితోనే తేదీ చెప్పించండి. కొన్నింటికి, ఇది ఇక అక్కర్లేదు అంటారు, అప్పుడు అదీ మినిట్స్‌లో రాయండి.

పంచాయతీ_నరసింహ

తేదీ చెప్పినప్పుడు ఎర్ర ఇంకుతో రాయమ్మా.